యాభై రూపాయల చీటీ

వాసుదేవ్ భయస్తుడు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆయనే చెప్పుకుంటాడు. ఎమ్మిగనూరు బజారులో తండ్రి రామకోటయ్య పెట్టిన కిరాణా కొట్టు ఆయనది. పద్నాలుగో ఏట గల్లా దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు యాభై రెండు. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన బాగా నేర్చిన విద్య ఒకటే. మెట్టు ఎక్కినవాళ్ళు ఎందరో, అందులో ఉత్తచేతులతో దిగినవాళ్ళు ఎందరో, తల ఎత్తకుండా చెప్పగలడు. ఎవరైనా ఉత్తచేతులతో దిగితే ఆ పూట ఇంకో పని తోచదు. చిన్నప్పుడు ఎట్లుండేదో ఇప్పుడూ అట్లే.

కొట్టుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. నెలకొకసారి షేర్ ఆటోలో వచ్చి నెల సరుకు కట్టించుకుపోతారు. రామకోటయ్య కాలం నుంచి అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటి సరుకు ఆ ఇంటికి విడిగా కట్టి, సంచికి కుట్టిన అట్టముక్క మీద ఇంటిపేరు రాస్తారు. దానికి కూలి లేదు. అది ఎందుకు మొదలైందో వాసుదేవ్ ఎన్నడూ ఆలోచించలేదు. తండ్రి రాసేవాడు, తనూ రాస్తున్నాడు.

పోయిన దసరాకు ఆదోని రోడ్డులో పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. అద్దాల తలుపులు, చల్లని గాలి, తోసుకుపోయే బండ్లు. సంక్రాంతి దాటేసరికి వాసుదేవ్ కొట్టులో అమ్మకం నాలుగో వంతు పడిపోయింది. మాఘమాసంలో తమ్ముడు శివప్రసాద్ కర్నూలు నుంచి వచ్చాడు. కొట్టు ఉన్న కట్టడంలో సగం అతనిది. మందుల వ్యాపారం చేస్తాడు. మనిషి మంచివాడే, లెక్క తప్పనివాడు.

"అన్నా, నేను కొట్టు మూయమంటా లేను," అన్నాడు. "సెల్ ఫోన్ల షాపు వాళ్ళు ఈ కట్టడానికి నెలకు ముప్పై అయిదు వేలు బాడుగ ఇస్తామంటాండారు. నువ్వు పొద్దుగాల నుంచి సాయంత్రం దాకా నిలబడి నెలకు ఎంత మిగుల్చుకుంటాండావు?"

వాసుదేవ్ గల్లా మూత దించాడు. చెప్పాలంటే ఆ అంకె ముప్పై అయిదు కంటే తక్కువ.

"జూన్ దాకా చూడు," అన్నాడు తమ్ముడు. "కొత్తోళ్ళు వస్తాంటే నడుపుకో. రాకపోతే బాడుగకిస్తాం. నీకూ మోకాళ్ళ నొప్పులే గదా."

ఆ మాట వాసుదేవ్ లోపలికి దిగి కూర్చుంది. కొట్టు లేకపోతే తను ఎక్కడ కూర్చుంటాడు? ఇంట్లో అద్దం ముందు నిలబడి తన మొహం చూసుకున్నాడు. గల్లా వెనక తప్ప ఆ మొహాన్ని ఎవరూ ఎన్నడూ చూడలేదని తోచింది.

తగ్గింపు చీటీ ఆలోచన సబ్బుల కంపెనీ సేల్స్‌మన్ ఇచ్చాడు. వెయ్యి రూపాయల సరుకు మీద యాభై తగ్గింపు. ఒక ఫోన్ నంబరుకు నెలకు ఒక చీటీ. పసుపు కాగితం మీద అచ్చు వేయించాలి.

బిల్లులు కొట్టేది భార్య పద్మప్రియ. కొట్టులో కంప్యూటర్ పెట్టిన దగ్గర నుంచి ఆ కుర్చీ ఆమెదే. ఎక్కువ మాట్లాడదు. అడిగినప్పుడు మాత్రం వదలదు.

"వెయ్యి రూపాయల సరుకు మీద మనకు మిగిలేదెంత?"

"నూనె, చక్కెర ఎక్కువైతే అరవై. సబ్బులు, టీపొడి ఉంటే నూట ఇరవై. సగటున తొంభై."

"అందులో యాభై ఇచ్చేస్తే?"

"నలభై. కానీ జనం వస్తారు గదా."

"ఎప్పుడూ వచ్చేవాళ్ళే చీటీ పట్టుకొని వస్తే యాభై పోతుంది, వచ్చేది ఏమీ లేదు. చీటీ లేకుంటే రానే రానివాళ్ళు వస్తేనే మనకు తొంభై పుడుతుంది." ఆమె బిల్లు కాగితం వెనక రాసింది. "నూరు చీటీలు తిరిగొస్తే మనం వదులుకునేది అయిదు వేలు. అది పూడాలంటే ఆ నూరిట్లో యాభై ఆరు, చీటీ లేకపోతే మన గడప తొక్కనివాళ్ళవి అయ్యుండాల. యాభై ఆరుమంది కొత్తోళ్ళు వస్తారంటారా?"

"వస్తారు," అన్నాడు వాసుదేవ్. ఆ మాట నమ్మకంతో అన్నది కాదు. జూన్ కళ్ళ ముందు కనిపిస్తుంటే ఇంకో మాట నోట రాలేదు.

రెండు వేల చీటీలు అచ్చయ్యాయి. ఉగాదికి ముందు వారం షేర్ ఆటో దేవేంద్రప్ప పన్నెండు పల్లెల్లో ఇంటికొకటి పంచాడు. పద్నాలుగు అనుకున్నారు. మిగతా రెండు పల్లెల దారి మురుగు మోరీ కోసం తవ్వి పెట్టారు. "ఆటో పోదు శెట్టీ, నా నడుము పోతుంది," అని దేవేంద్రప్ప ఆ రెండూ వదిలేశాడు.

ఏప్రిల్‌లో కొట్టు నిండింది.

జనం గల్లా ముందు వరుసకట్టారు. తూకం వేసే సోమన్న చొక్కా తడిసిపోయేది. మొదటి రెండు వారాల అమ్మకం, ఫిబ్రవరి మొదటి రెండు వారాలతో పోలిస్తే, నలభై శాతం పెరిగింది. కంప్యూటర్‌లో నూట పద్దెనిమిది కొత్త ఫోన్ నంబర్లు చేరాయి. వాసుదేవ్ ఆ రెండు అంకెలూ తమ్ముడికి ఫోన్‌లో రాసి పంపాడు. శివప్రసాద్ బొటనవేలు బొమ్మ పంపాడు, దాని కింద "శానా బాగుండాది అన్నా" అని రాశాడు. పదకొండు రోజులు వాసుదేవ్‌కు భయం వేయలేదు. అన్నం రుచిగా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళలో అంత పొడుగు నెమ్మది ఆయన ఎరగడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, జనం లేని పూట, పద్మప్రియ కుర్చీ తిప్పింది.

"చీటీలు పోని రెండూళ్ళు ఉండాయి గదా. ఆ ఊళ్ళ అమ్మకం చూసినారా?"

"ఎందుకు?"

"ఆడా నలభై పెరిగింది. ఒకటి అటూ ఇటూ."

వాసుదేవ్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫిబ్రవరిలో ఈ పల్లెల్లో సగం ఇండ్లకు తాళాలుంటాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. ఉగాదికి తిరిగి వస్తారు. వచ్చినవాళ్ళు ఖాళీ డబ్బాలు నింపుకోవాలి, సరుకు కొంటారు. ఏ యేడాదైనా అంతే. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు, చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసినదాన్ని భయం పక్కకు నెట్టేసింది.

"మరి కొత్త నంబర్లు?" అన్నాడు. "నూట పద్దెనిమిది. అవి అబద్ధం కావు గదా."

"అవి ఒంటరిగా రావడం లేదు," అంది ఆమె. "టైము చూడండి. పది నలభై రెండు, నలభై నాలుగు, నలభై ఏడు, యాభై. మూడు, నాలుగు కలిసి వస్తాండాయి. మళ్ళా గంట దాకా ఏమీ లేవు. తెరిపిలేని రద్దీలో నేను మొహాలు చూడలేదు. రేపు చూస్తా."

మరుసటి రోజు ఉరుకుందమ్మ వచ్చింది. నందవరం దారిలోని ఒక పల్లె మనిషి. పదేళ్ళుగా కొట్టుకు వస్తోంది. గట్టి గొంతు, గట్టి చేతులు. నాలుగు చీటీలు బల్ల మీద పరిచింది.

"నాలుగు బిల్లులు చెయ్యక్కా. నంబర్లు చెప్తా రాసుకో."

పద్మప్రియ వేళ్ళు ఆగాయి. "ఇవి ఎవరివి ఉరుకుందమ్మా?"

"నాదొకటి. హులిగెమ్మది, శివలీలది, మా చిన్నత్తది."

"వాళ్ళు రారా?"

"నలుగురూ వస్తే నలుగురి కూలీ పోతుంది. ఒకరు వస్తే ఒకరిదే పోతుంది. ఈ తూరి నేను, వచ్చే తూరి శివలీల. ఎప్పుడూ ఇంతే గదా. నువ్వు చూస్తానే ఉండావు గదక్కా, నాలుగు సంచులు కట్టిస్తాండానే."

"ముందు ఒకే బిల్లు చేసేదాన్ని."

"ముందు చీటీల్లేవు. ఇప్పుడు ఒకే బిల్లు చేస్తే మిగతా ముగ్గురి చీటీలు యాడ పెట్టుకోవాల? హులిగెమ్మ నన్ను బతకనిస్తుందా?" ఉరుకుందమ్మ వాసుదేవ్ వైపు తిరిగి నవ్వింది. "ఏం శెట్టీ, అట్ల బెదిరి చూస్తాండావు. దుడ్లు నువ్వే ఇస్తానంటివి, మేము అడిగినామా?"

ఆమె చెప్పిందాంట్లో మోసం లేదు. నాలుగు ఇండ్లు ఎప్పుడూ నాలుగు ఇండ్లే. ఇన్నాళ్ళూ కంప్యూటర్‌కు ఒక నంబరుగా కనిపించాయి, ఇప్పుడు నాలుగుగా కనిపిస్తున్నాయి. అదే పప్పు, అదే నూనె, అదే సంచులు. తేడా రెండు వందల రూపాయలు. అవి కొట్టు చేతిలోంచి పోతున్నాయి.

పద్మప్రియ సంచుల మీద రాసిన పేర్లతో నంబర్లను ఒక్కొక్కటే సరిచూసింది. మూడు రోజులు పట్టింది. నూట పద్దెనిమిదిలో తొంభై ఏడు పాత ఇండ్లే. నిజంగా కొత్త ఇండ్లు ఇరవై ఒకటి. ఏప్రిల్‌లో తిరిగొచ్చిన చీటీలు, ఊళ్ళోవాళ్ళకు కొట్టులోనే ఇచ్చినవీ కలిపి, నాలుగు వందల అరవై. వదులుకున్నది ఇరవై మూడు వేలు. ఆ ఇరవై ఒక్క ఇండ్ల వల్ల పుట్టింది పంతొమ్మిది వందల లోపు.

"నూటికి యాభై ఆరు కావాలనుకున్నాం," అంది. "వచ్చింది నూటికి అయిదు కూడా లేదు."

వాసుదేవ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం శివప్రసాద్ ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మోగుతున్న ఫోన్ మీద తువ్వాలు కప్పాడు. కప్పి, తను చేసిన పని చూసి సిగ్గుపడ్డాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నలభై శాతం, నూట పద్దెనిమిది. రెండూ కంప్యూటర్‌లో ఉన్న అంకెలే. జూన్‌లో తమ్ముడు చూస్తాడు, సంతోషపడి వెళ్ళిపోతాడు. చీటీలు మాత్రం నెలనెలా ఇరవై మూడు వేలు తింటూ ఉంటాయి. చెబితే కట్టడం సెల్ ఫోన్ల వాళ్ళకు పోతుంది. ఆయనకు రెండు వైపులా గోడ కనిపించింది.

"చీటీలు ఆపేద్దాం," అంది పద్మప్రియ.

"ఆపితే అందరూ ఆ అద్దాల కొట్టుకు పోతారు." ఈ మాట ఆయన చాలా చిన్నగా అన్నాడు. ఎవరైనా వింటే నిజమైపోతుందేమో అన్నట్టు. "రుచి మరిగినారు."

"పోతారో లేదో మీకు తెల్సా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. సగం ఊళ్ళకు ఆపి చూస్తాం. ఎవరికి ఇయ్యాల, ఎవరికి ఆపాల అనేది మనం ఎంచొద్దు. ఎంచితే మీరు మంచి బేరం ఉన్న ఊళ్ళకు ఇస్తారు, అప్పుడు మళ్ళా లెక్క చెడుతుంది."

పన్నెండు ఊళ్ళ పేర్లు కాగితం ముక్కల మీద రాసి బెల్లం డబ్బాలో వేశారు. సోమన్న కళ్ళు మూసుకొని ఆరు తీశాడు. ఆ ఆరూళ్ళకు మే నెలలో చీటీ లేదు. మిగతా ఆరింటికి ఉంటుంది. ఈసారి లెక్క ఫోన్ నంబర్లతో కాదు, సంచి మీది ఇంటిపేర్లతో.

మొదటి ముక్క మీదనే ఉరుకుందమ్మ ఊరు వచ్చింది.

మే మొదటి వారం వాసుదేవ్‌కు అన్నం దిగలేదు. ఆటో చప్పుడు వినిపిస్తే లేచి నిలబడేవాడు. నెల సగం దాటిన ఒక పొద్దున దేవేంద్రప్ప ఆటోలోంచి ఉరుకుందమ్మ దిగింది. వెనక ఇంకో ముగ్గురు దిగారు. మెట్టెక్కి చెయ్యి చాపింది.

"చీటీలు యాడ శెట్టీ? మా ఊరికి రాలేదు."

"ఈ నెల మీ ఊరికి లేవమ్మా."

"పక్కూరికి ఇచ్చినావంట. మేమేం పాపం చేసినామప్పా? ఆ ఊరోళ్ళు నీకు పిల్లనిచ్చినారా?"

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. పద్మప్రియ చెప్పింది. "ఒక నెల చూస్తాండాం అక్కా. తర్వాత ఎవరికైనా ఉంటుందో లేదో తెలీదు."

"చూడండి, చూడండి. మేమూ చూస్తాం."

ఉరుకుందమ్మ మెట్టు దిగింది. ముగ్గురూ దిగారు. ఆదోని రోడ్డు వైపు తిరిగారు.

వాసుదేవ్ వాళ్ళ వీపులు చూస్తూ ఉండిపోయాడు. నలుగురు. నాలుగు వీపుల వెనక ఎన్ని ఇండ్లు? పన్నెండు, పదహారు. మలుపు దగ్గర చెప్పుల కొట్టు పక్క నుంచి కనుమరుగయ్యారు. "చీటీ ఇచ్చేద్దాం. పిలవనా?" అన్నాడు. పద్మప్రియ కంప్యూటర్ వైపే చూస్తోంది. ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉండడం ఆయన అప్పుడు చూశాడు. ఆమెకూ భయమే. అది తెలిసి ఆయనకు ధైర్యం రాలేదు, ఇంకా భయం వేసింది.

ఎండ మెట్ల మీదికి వచ్చింది. ముప్పావు గంట గడిచింది. నలుగురూ తిరిగి వచ్చారు. మొహాలు చిరాకుగా ఉన్నాయి.

"కందిపప్పు కిలో ప్యాకెట్లు, అర కిలో ప్యాకెట్లు ముందే కట్టిపెట్టినారు," అంది ఉరుకుందమ్మ. ఎవరూ అడగకముందే చెప్పింది. "శివలీలకు ముప్పావు కిలో కావాల. యాడ తెచ్చేది? పదహారిండ్ల సరుకు ఒక బండిలో వేసి దొబ్బుకుంటా బయటికొస్తే, ఎవరిది ఏదని నడిరోడ్డు మీద కూర్చొని పంచుకోవాల. మా చిన్నత్త టీపొడి హులిగెమ్మ ఇంటికి పోతే మా ఇంట్లో యుద్ధమే. కట్టించు శెట్టీ. ఇంటింటికీ విడిగా. పేర్లు సరిగ్గా రాయి, పోయిన తూరి శివలీల పేరు సగమే రాసినావు."

వాసుదేవ్ కలం తీశాడు. మొదటి అట్టముక్క మీద అక్షరాలు వంకర పోయాయి.

నెలాఖరుకు లెక్క తేలింది. చీటీ ఉన్న ఆరూళ్ళలో నూట ఎనభై ఇండ్లకు నూట అరవై రెండు వచ్చాయి. చీటీ లేని ఆరూళ్ళలో నూట డెబ్భై నాలుగిండ్లకు నూట యాభై మూడు. నూటికి తొంభై, నూటికి ఎనభై ఎనిమిది. ఆ రెండు శాతం తేడా కూడా చీటీ వల్లనా, ఊరికే అట్ల జరిగిందా చెప్పలేమంది పద్మప్రియ. చీటీ వల్లనే అనుకున్నా, నూరిండ్లలో ఇద్దరిని నిలుపుకోడానికి, వచ్చే తొంభై మందికీ యాభై లెక్కన, నాలుగున్నర వేలు ఖర్చు. ఆ ఇద్దరి వల్ల మిగిలేది నూట ఎనభై.

శివప్రసాద్ జూన్ రెండో వారంలో వచ్చాడు. కుర్చీలో కూర్చొని మజ్జిగ తాగాడు. వాసుదేవ్ జేబులోంచి కాగితం తీసి తమ్ముడి ముందు పెట్టాడు.

"ఏప్రిల్‌లో నీకు పంపినవి తప్పు అంకెలు. నలభై శాతం వలస పోయినోళ్ళు తిరిగొచ్చినందుకు. నూట పద్దెనిమిదిలో కొత్త ఇండ్లు ఇరవై ఒకటి. అందులో చీటీ లేకుండా రెండో తూరి వచ్చినవి తొమ్మిది."

తమ్ముడు కాగితం చాలాసేపు చదివాడు. "అయితే చీటీ దండగ."

"దండగే."

"తొమ్మిది ఇండ్లతో కొట్టు నడవదన్నా."

"నడవదు," అన్నాడు వాసుదేవ్. తర్వాతి మాట ఎట్లా చెప్పాలో ఆయన వారం నుంచి అనుకుంటున్నాడు. తీరా ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. వేలితో చూపించాడు. "ఏప్రిల్‌లో మార్జిన్ అరవై రెండు వేలు. సోమన్న జీతం, కరెంటు, అన్నీ కలిపి పద్దెనిమిది. చీటీలకు ఇరవై మూడు పోయింది. మిగిలింది ఇరవై ఒకటి. బాడుగ కన్నా తక్కువ. చీటీలు లేకుంటే నలభై నాలుగు. ఏప్రిల్ వలసోళ్ళు తిరిగొచ్చిన నెల, ప్రతి నెలా అంత ఉండదు. అది కూడా రాసినా, కింద చూడు."

"చీటీ లేకున్నా వస్తారని ఏం నమ్మకం?"

"నమ్మకం లేదు. వచ్చినారు. ఆరూళ్ళు."

శివప్రసాద్ వదినె వైపు చూశాడు. ఆమె బిల్లు కొడుతోంది. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు.

"ఏప్రిల్ అంకెలే చూపించి ఉంటే నేను నమ్మి పోయేవాణ్ణి. వచ్చే ఏడు ఇద్దరం మునిగేవాళ్ళం." లేచి నిలబడ్డాడు. "దీపావళి దాకా బాడుగ మాట ఎత్తను. కానీ నెలనెలా ఈ లెక్క నాకు పంపాల. వదినె రాసినట్లే. నువ్వు పెంచొద్దు."

"పెంచను."

తమ్ముడు వెళ్ళిపోయాక వాసుదేవ్ మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. సంతోషం రావాలి గదా అని చూసుకున్నాడు. రాలేదు. ఇన్నాళ్ళూ జూన్‌ను చూసి భయపడ్డాడు. ఇప్పుడు దీపావళి ఉంది.

మూడు రోజుల తర్వాత సోమన్న బజారులో దొరికిన ఒక ఎర్ర కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆదోని రోడ్డు సూపర్ మార్కెట్ వేసింది. వెయ్యికి నూరు రూపాయల తగ్గింపు. వాసుదేవ్ రెండుసార్లు చదివాడు.

"ఏం చేస్తాం?" అంది పద్మప్రియ.

"నూరంటే వాళ్ళకు వెయ్యి మీద ఏం మిగులుతుందో."

"అది వాళ్ళ లెక్క. మనం?"

చీటీల కట్ట ఇంకా సొరుగులో ఉంది, పదమూడు వందలకు పైన. తీయడానికి ఒక్క క్షణం చాలు. సొరుగు మీద చెయ్యి పెట్టి, అట్లే ఉంచాడు.

"ఏమీ చెయ్యం," అన్నాడు.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ఆయన లేవబోయాడు. లేవలేదు. మెట్టు మీద అడుగులు పడుతున్నాయో లేదో వింటూ కూర్చునే ఉన్నాడు.